ఎడమ నుంచి కూడితే మొత్తం ఎప్పుడూ మీ దగ్గరే ఉంటుంది

ప్రశ్న: "చిన్నప్పటి నుంచి ఒకట్ల స్థానం నుంచే కూడటం అలవాటు. కాగితం ఉంటే ఇబ్బంది లేదు, నోటిలెక్కగా చేస్తే మాత్రం మధ్యలోనే తప్పిపోతోంది. అంచనాలు వేసేవాళ్లు ఎడమ వైపు నుంచి కూడతారని విన్నాను. అలా చేస్తే చేతిలో ఒకటి వచ్చిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి దిద్దుకోవాలి కదా? నిజంగా ఉపయోగం ఉందా? ఉంటే పొడుగాటి జాబితాని ఎలా కూడాలి?"

దిద్దుకోవాల్సి వస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఆ దిద్దుబాటు మీరనుకుంటున్నంత పెద్ద పని కాదు, చాలాసార్లు అది ఉన్న మొత్తానికి ఇంకొంచెం కలపడమే. దానికి బదులుగా దొరికేది ఏమిటంటే, లెక్క ఎక్కడ ఆగిపోయినా అప్పటికి మీ దగ్గర పనికొచ్చే మొత్తం ఒకటి ఉంటుంది, అసలు జవాబుకి అది మహా అయితే ఎంత దూరంలో ఉంటుందో కూడా తెలుస్తుంది. నేను కొలతలు, మెటీరియల్ పరిమాణాల అంచనాలు వేసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మేం ఎడమ నుంచి కూడేది ముఖ్యంగా ఇందుకే, వేగం దాని వెంట తనంతట తానే వస్తుంది.

ముందు కుడి నుంచి కూడితే బుర్రలో ఎందుకు తప్పిపోతుందో చూడండి. 467, 358 తీసుకుని కాగితం లేకుండా కూడండి. ఏడూ ఎనిమిదీ పదిహేను, ఐదు గుర్తుపెట్టుకుని ఒకటి చేతిలో. ఆరూ ఐదూ పదకొండు, చేతిలో ఒకటితో పన్నెండు, రెండు గుర్తుపెట్టుకుని మళ్లీ ఒకటి చేతిలో. నాలుగూ మూడూ ఏడు, ఒకటితో ఎనిమిది. ఇప్పుడు మీ బుర్రలోకి ఐదు, రెండు, ఎనిమిది ఆ వరసలో వచ్చాయి, మీరు చెప్పాల్సిందేమో ఎనిమిది వందల ఇరవై ఐదు. అంటే వచ్చిన వరసని తిరగేయాలి. ఆ పని జరిగేదాకా 467, 358 రెండూ పూర్తిగా గుర్తుండాలి, వాటితో పాటు వచ్చిన అంకెలు, చేతిలో ఉన్న ఒకటి కూడా గుర్తుండాలి. కాగితం మీద ఈ బరువంతా కాగితమే మోస్తుంది, రాసిన ఐదు రాసినచోటే ఉంటుంది. బుర్రలో అలా రాసిపెట్టే చోటు లేదు.

ఇప్పుడు అదే లెక్క ఎడమ నుంచి చేయండి. 467ని అలాగే ఉంచి 358ని ముక్కలుగా దానిలో వేయండి. మూడు వందలు వేస్తే 767. యాభై వేస్తే 817. ఎనిమిది వేస్తే 825. ఇక్కడ మీరు మోసింది ప్రతిసారీ ఒక్క మొత్తాన్నే. 767 అన్నాక 467తో పనిలేదు, మూడు వందలతోనూ పనిలేదు, రెంటినీ వదిలేయొచ్చు. మిగిలింది యాభై ఎనిమిది. మీరు అడిగిన చేతిలో ఒకటి ఎక్కడికి పోయిందో గమనించారా? 767కి యాభై కలిపినప్పుడు 817 వచ్చింది, వందల అంకె ఏడు నుంచి ఎనిమిది అయింది, అంతే. వెనక్కి వెళ్లి దిద్దినట్టు కూడా అనిపించదు, ఎందుకంటే మీరు విడివిడి అంకెలతో కాకుండా మొత్తం సంఖ్యతో నడుస్తున్నారు. అరవైకి యాభై కలిపితే నూట పది అని తెలిసినవాళ్లకి 767కి యాభై కలపడం కొత్త విద్యేం కాదు.

ఇంకో సంగతి, మనం సంఖ్యని పలికేది కూడా ఎడమ నుంచే. ఎదుటివాళ్లు "మూడు వందల..." అనగానే మీరు మూడు వందలు కలిపేయొచ్చు, "యాభై ఎనిమిది" వినపడేలోపు సగం పని అయిపోతుంది. కుడి నుంచి కూడేవాళ్లు సంఖ్య పూర్తయ్యేదాకా ఆగాలి, చివర విన్నదానితో మొదలుపెట్టాలి.

ఎడమ నుంచి కూడటం అడ్డదారి అనీ, బళ్లో నేర్పిన పద్ధతే అసలైనదనీ చాలామందిలో ఒక నమ్మకం ఉంటుంది. చరిత్ర చూస్తే అలా లేదు. క్రీ.శ. 1000 ప్రాంతంలో కుష్యార్ ఇబ్న్ లబ్బాన్ అనే పర్షియన్ గణితవేత్త హిందూ అంకెలతో లెక్కలు చేసే పద్ధతి రాస్తూ, 5625కి 839 కలపడం చూపించాడు. ఆ రోజుల్లో ఈ లెక్కలు ఇసుకో దుమ్మో పరిచిన పలక మీద వేలితో రాసి చేసేవారు. ఆయన మొదలుపెట్టింది ఎనిమిదితో. ఆరు వందల మీద ఎనిమిది వందలు వేస్తే పద్నాలుగు, కాబట్టి ఆరు చెరిపి నాలుగు, పక్కన ఐదు చెరిపి ఆరు, పలక మీద 6425. తర్వాత రెండు పదుల మీద మూడు పదులు, 6455. చివర ఐదు మీద తొమ్మిది, 6464. ప్రతి అడుగులోనూ పలక మీద ఒకే మొత్తం ఉంది, దాన్నే చెరిపి దిద్దుతూ పోయాడు. జపాన్ పూసల చట్రం సొరొబాన్ మీద ఈనాటికీ కూడిక పెద్ద స్థానం నుంచే మొదలవుతుంది, కారణం ఇదే, పూసని మళ్లీ జరపడానికి ఏ కష్టమూ లేదు. సిరాతో కాగితం మీద రాసినప్పుడు మాత్రం రాసిన అంకెని మార్చడం కుదరదు, ఒకసారి రాసింది ఖాయం కావాలి, అందుకు ఒకట్ల నుంచి మొదలుపెట్టడమే తేలిక. కుడి నుంచి కూడే పద్ధతి కాగితానికి సరిపోయేది. మన బుర్ర ఈ విషయంలో చెరిపి రాసే పలకకే దగ్గర.

ఇక దిద్దుబాటు నిజంగా ఇబ్బంది పెట్టే చోటు ఒకటి ఉంది, అది దాచకూడదు. జవాబుని అంకె అంకెగా, మళ్లీ మార్చకుండా ఎడమ నుంచి చెప్పాలన్నా రాయాలన్నా, ప్రతి అంకె పలికే ముందు దాని కుడి పక్కకి ఒక చూపు వేయాలి. ఉదాహరణకి 4738, 2567. వేల దగ్గర నాలుగూ రెండూ ఆరు. పలికే ముందు పక్కన చూస్తే ఏడూ ఐదూ పన్నెండు, పది దాటింది కాబట్టి ఆరు కాదు ఏడు. ఏడు వేలు అనేశాం. వందల దగ్గర పన్నెండులో రెండు మిగిలింది. పక్కన చూస్తే మూడూ ఆరూ తొమ్మిది. ఇక్కడే చిక్కు. తొమ్మిది తనంతట తాను చేతిలోకి ఏమీ ఇవ్వదు, కానీ దాని కుడి వైపు నుంచి ఒకటి వస్తే పది అయిపోయి ఇస్తుంది. కాబట్టి ఇంకో అడుగు ముందుకి చూడాలి. ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటి వస్తోంది, తొమ్మిది పది అయింది, రెండు మూడు అయింది. మూడు వందలు, పదుల్లో సున్నా, ఒకట్లలో ఐదు. మొత్తం 7305.

ఇదంతా చదువుతుంటే భయమేస్తుంది గానీ, ఎంత తరచుగా వస్తుందో లెక్కేసి చూడండి. రెండు అంకెల జతలు సున్నా-సున్నా నుంచి తొమ్మిది-తొమ్మిది దాకా వంద ఉంటాయి. వాటిలో నలభై ఐదు జతల మొత్తం ఎనిమిదికి మించదు, వీటి దగ్గర కుడి నుంచి ఏమొచ్చినా ఎడమకి ఏమీ పోదు. మరో నలభై ఐదు జతల మొత్తం పది లేదా అంతకంటే ఎక్కువ, వీటి దగ్గర ఒకటి కచ్చితంగా పోతుంది. తొమ్మిది వచ్చే జతలు పదే. అంటే పదింట తొమ్మిదిసార్లు పక్క అంకెని ఒక్కసారి చూస్తే తేలిపోతుంది, పక్కపక్కనే రెండు తొమ్మిదులు తగిలేది నూటికి ఒక్కసారి. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఈ ముందుచూపు జోలికి వెళ్లొద్దని నా సలహా. మొత్తాన్ని మనసులో పెంచుకుంటూ పోతే చాలు, అంకె అంకెగా పలకాల్సిన అవసరం రోజువారీ పనిలో రాదు. పైగా ఈ ముందుచూపు రెండు సంఖ్యలకే బాగుంటుంది. ఎనిమిది సంఖ్యల వరసలో పక్క స్థానం నుంచి ఏడు దాకా రావచ్చు, అక్కడ కుడి పక్కకి చూసి తేల్చడం కుదరదు.

మీరు అడిగిన పొడుగాటి జాబితా దగ్గరికి వద్దాం, ఎడమ నుంచి కూడటం అసలు విలువ తెలిసేది అక్కడే. కేబుల్ వేయాల్సిన ఎనిమిది దారుల పొడవులు మీటర్లలో ఇలా ఉన్నాయనుకోండి: 476, 318, 785, 242, 594, 367, 829, 153. అడుగుతున్నది మొత్తం ఎంతని కాదు. "మన దగ్గరున్న కేబుల్ సరిపోతుందా?" అని. ఈ తేడా బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే లెక్క ఎక్కడ ఆపాలో చెప్పేది ఆ ప్రశ్నే.

మొదటి చుట్టులో వందల అంకెలు మాత్రమే కూడండి, మిగతా అంకెలు లేవనుకోండి. నాలుగు, ఏడు, పద్నాలుగు, పదహారు, ఇరవై ఒకటి, ఇరవై నాలుగు, ముప్పై రెండు, ముప్పై మూడు. అంటే 3300. ఇది మొత్తం కాదు, మొత్తం దీనికంటే తగ్గదు అని చెప్పే సంఖ్య. మరి ఎంత పెరగగలదు? ప్రతి సంఖ్యలోనూ మనం వదిలేసింది మహా అయితే 99, ఎనిమిది సంఖ్యలకి 792. కాబట్టి అసలు మొత్తం 3300కీ 4092కీ మధ్యలో ఎక్కడో ఉంది, ఇది కచ్చితం. మీ దగ్గర ఐదు వేల మీటర్లుంటే లెక్క ఇక్కడితో ఆపేయండి, సరిపోతుంది. మూడు వేలే ఉన్నా ఇక్కడితో ఆపేయండి, సరిపోదు. ఇంకా కూడుతూ కూర్చుంటే జవాబు మారదు.

ఉన్నది నాలుగు వేలైతే? 4092 అంతకంటే కొంచెం పైన ఉంది కాబట్టి ఇంకా తేలలేదు. రెండో చుట్టుకి వెళ్లండి, ఈసారి పదుల అంకెలు. ఏడు, ఎనిమిది, పదహారు, ఇరవై, ఇరవై తొమ్మిది, ముప్పై ఐదు, ముప్పై ఏడు, నలభై రెండు. నలభై రెండు పదులు అంటే 420, దాన్ని 3300లో వేస్తే 3720. ఇక వదిలేసింది ప్రతిదానిలో తొమ్మిదికి మించదు, ఎనిమిదికి 72. మొత్తం 3720 నుంచి 3792 లోపే. నాలుగు వేలు సరిపోతాయి, పైగా రెండు వందలకి తక్కువ కాకుండా మిగులుతాయి, ఇదీ చెప్పొచ్చు. ఉన్నది 3750 లాగా ఈ హద్దుల మధ్యలో పడితే తప్ప మూడో చుట్టు అవసరమే రాదు. ఆ చుట్టూ చేస్తే ఒకట్లు 44 వస్తాయి, మొత్తం 3764, పద్నాలుగు మీటర్లు తక్కువ పడ్డాయి.

ఇదే లెక్క కుడి నుంచి చేస్తూ రెండు చుట్లయ్యాక ఆపామనుకోండి, మన దగ్గర ఉండేది చివరి రెండు అంకెలు 64, చేతిలో నాలుగు. నాలుగు వేలు సరిపోతాయా అంటే ఏం చెప్పగలం? మూడింట రెండొంతుల పని చేసినా ఏమీ చెప్పలేం. అన్నిటికంటే ముఖ్యమైన అంకె చిట్టచివర వస్తుంది, అప్పటికి మనం అలిసిపోయి ఉంటాం, లేదా మధ్యలో ఎవరో పలకరించి ఉంటారు. ఎడమ నుంచి అయితే ఫోన్ మోగినా మూడు వేల మూడు వందలు మన దగ్గర ఉంటుంది.

హద్దులు కాకుండా ఒకే సంఖ్య చెప్పమంటే, అంటే "సుమారుగా ఎంత?" అంటే, మొదటి చుట్టు తర్వాత ప్రతి సంఖ్యకీ ఒక యాభై కలపండి. వదిలేసిన భాగం సున్నా నుంచి 99 దాకా ఏదైనా కావచ్చు కాబట్టి సగటున యాభైకి దగ్గర. ఎనిమిది సంఖ్యలకి నాలుగు వందలు, 3300తో కలిపి 3700. అసలు మొత్తం 3764, అరవై నాలుగు తేడా. పదుల చుట్టు కూడా చేస్తే ప్రతి సంఖ్యకీ ఐదు చొప్పున నలభై కలపండి, 3760, తేడా నాలుగు. చాలామంది దీనికి బదులు ప్రతి సంఖ్యనీ దగ్గరి వందకి సవరిస్తారు, 476ని 500, 318ని 300 అని. అది తప్పు కాదు, వచ్చే తేడా కూడా దాదాపు ఇంతే ఉంటుంది. కానీ అక్కడ ప్రతి సంఖ్య దగ్గరా పైకా కిందకా అని ఒక నిర్ణయం తీసుకోవాలి, కంటికి కనిపించే అంకె నాలుగైతే బుర్రలో ఐదు అనుకోవాలి. జాబితా పొడుగైతే ఆ చిన్న చిన్న నిర్ణయాలే అలసట తెస్తాయి. కనిపించిన అంకెని కనిపించినట్టే కూడి చివర ఒక్కసారి సవరించడం నాకు ఎప్పుడూ నమ్మకంగా అనిపిస్తుంది.

ఈ సగటు సవరణలో తేడా ఎంత రావచ్చో కూడా తెలుసుకోండి. ఎనిమిది సంఖ్యలకి మరీ దారుణమైన సందర్భంలో నాలుగు వందలు అటో ఇటో పోవచ్చు గానీ, అది అన్నిట్లోనూ చివరి అంకెలు ఒకే వైపు ఉంటేనే. చివరి అంకెలు చెల్లాచెదురుగా ఉన్నప్పుడు కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ అయి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మామూలుగా కనిపించే తేడా ఎనభై దరిదాపుల్లో ఉంటుంది. సంఖ్యలు నాలుగింతలై ముప్పై రెండు అయినా ఈ తేడా రెండింతలే, అంటే సుమారు నూట అరవై అవుతుంది. మొత్తం మాత్రం నాలుగింతలకి దగ్గరగా పెరిగి ఉంటుంది. కాబట్టి జాబితా పెరిగేకొద్దీ ఈ అంచనా మొత్తంతో పోలిస్తే ఇంకా మెరుగవుతుంది.

కానీ "చెల్లాచెదురుగా ఉన్నప్పుడు" అన్నమాట మీదే ఇదంతా నిలబడి ఉంది. అది లేనిచోట ఈ సవరణ మోసం చేస్తుంది. సంఖ్యలన్నీ 299, 499, 199, 399, 599, 799 లాగా ఉన్నాయనుకోండి. వందల అంకెల మొత్తం ఇరవై రెండు, 2200. ఆరింటికి మూడు వందలు కలిపితే 2500. అసలు మొత్తం 2794, రెండు వందల తొంభై నాలుగు తక్కువ చెప్పాం. ఇలాంటి జాబితాలో ప్రతిదాన్నీ పై వందగా తీసుకుని రెండు వేల ఎనిమిది వందలు, అందులోంచి ఆరు తీసేయడమే తేలిక. దీనికి ఎదురు సందర్భం కూడా ఉంది. మనుషులు ఉజ్జాయింపుగా చెప్పిన కొలతలు 500, 300, 450, 700 అని గుండు సంఖ్యల్లో ఉంటాయి, వాటికి తలా యాభై కలిపితే 2100 అవుతుంది, అసలేమో 1950. అందుకే కూడటం మొదలుపెట్టే ముందు ఒకట్లూ పదుల వైపు పైనుంచి కిందకి ఒకసారి చూపు పోనివ్వండి. అంతా సున్నాలో, అంతా తొంభైలో కనిపిస్తే సగటు సవరణ మానేయండి, హద్దులు మాత్రం ఎప్పుడూ నమ్మొచ్చు.

కొత్తవాళ్లు ఎక్కువగా జారే చోటు వేరే ఉంది, సంఖ్యలు చిన్నా పెద్దా కలిసి ఉన్న జాబితా. 2640, 318, 95, 1207, 86 అని ఉంటే, "మొదటి అంకెలు కూడాలి" అనుకుని రెండూ మూడూ తొమ్మిదీ అంటూ పోయేవాళ్లని చూశాను. కూడాల్సింది మొదటి అంకెల్ని కాదు, అన్నిటికంటే పెద్ద సంఖ్యకి ఏ స్థానం ఉందో ఆ స్థానంలోని అంకెల్ని. ఇక్కడ అది వేలు. రెండూ ఒకటీ మూడు, మిగతా మూడింటికి ఆ స్థానంలో ఏమీ లేదు. 3000. వందల్లో ఆరూ మూడూ రెండూ పదకొండు, 4100. పదుల్లో నాలుగు, ఒకటి, తొమ్మిది, ఎనిమిది కలిసి ఇరవై రెండు, 4320. ఒకట్లు ఇరవై ఆరు, 4346. ఇలాంటి జాబితాలో వేల చుట్టు తర్వాత ప్రతి సంఖ్యకీ సగటున ఐదు వందలు అంటూ ఐదింటికి రెండున్నర వేలు కలిపితే 5500 వస్తుంది, పూర్తిగా పక్కదారి. 95లో ఐదు వందలు ఎక్కడున్నాయి? సగటు సవరణ ఆ స్థానంలో అంకె ఉన్న సంఖ్యలకే, ఇక్కడ రెంటికే, వెయ్యి. చిన్నవాటిని కలిపి చూస్తే సుమారు ఐదు వందలు. 4500 వస్తుంది, వేల అంకెలు ఒక్కటే చూసి చెప్పినదానికి ఇది చాలు. కాగితం మీద కుడి అంచు కలిసేలా రాసి లేకపోతే ఈ తప్పు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. స్థానం కంటికి దొరకదు, చూపు సంఖ్య మొదలు మీదకే పోతుంది. అలాంటప్పుడు కూడే ముందు పెద్ద సంఖ్యల్ని, చిన్న సంఖ్యల్ని వేరు చేసి రెండు గుంపులుగా కూడటం మంచిది.

చుట్లుగా కూడాలంటే జాబితా కళ్లముందు ఉండాలి. ఎవరైనా చదివి వినిపిస్తుంటే అది కుదరదు, అక్కడ మొదట చెప్పిన పద్ధతే, వచ్చిన సంఖ్యని వచ్చినట్టు మొత్తంలో వేసుకుంటూ పోవడం. ఇవే కేబుల్ పొడవులు వింటున్నారనుకోండి. 476. తర్వాత 318: 776, 786, 794. తర్వాత 785. ముక్కలుగా వేస్తే 1494, 1574, 1579. ఇక్కడ ఎనిమిది వందలు వేసి పదిహేను తీసేసినా అదే, 1594, 1579. చివర ఎనభై, తొంభైల్లో ఉన్న సంఖ్యలకి ఈ రెండోదారి తేలిక, మిగతావాటికి అక్కర్లేదు. దాన్ని ప్రతిచోటా వాడాలని చూస్తే కలపాలా తీయాలా అన్న తికమకలో పడతారు. చదివేవాళ్లు వేగంగా చదువుతుంటే ఒకట్లు వదిలేసి వందలూ పదులూ మాత్రం వేసుకోండి, చివర సంఖ్యకి ఐదు చొప్పున సవరించండి. ఎన్ని సంఖ్యలు విన్నారో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, సవరణకి ఆ లెక్క కావాలి, మధ్యలో ఒకటి వినకుండా వదిలేశారేమో తెలిసేది కూడా దానితోనే.

మనసులో మొత్తాన్ని ఎప్పుడూ పూర్తి పేరుతో పలకండి. "పద్నాలుగు, తొమ్మిది, నాలుగు" అని అంకెలుగా కాదు, "పద్నాలుగు వందల తొంభై నాలుగు" అని. వెయ్యి దాటేటప్పుడు స్థానం జారడం అన్నది దాదాపు ఎప్పుడూ అంకెలుగా పలికినప్పుడే జరుగుతుంది. 980కి యాభై కలిపి 1030 అనాల్సిన చోట 1300 అనడం అలాంటిదే. మొత్తంలో మధ్యన సున్నా వచ్చిన ప్రతిసారీ, అంటే 1030, 2007 లాంటివి వచ్చినప్పుడు, అర క్షణం ఆగి మళ్లీ పలికి ముందుకు వెళ్లండి.

తప్పు జరిగిందో లేదో తెలుసుకోవడానికి రెండు దారులు వాడతాను. హద్దులు మొదటిది. ప్రతి చుట్టు తర్వాతా వచ్చిన మొత్తం అంతకుముందు చుట్టు చెప్పిన హద్దుల లోపలే ఉండాలి. 3300-4092 అనుకున్నాక రెండో చుట్టులో 4150 వచ్చిందంటే ఎక్కడో జారాం, ఇంకేం వెతకక్కర్లేదు, పదులు మళ్లీ కూడాలి. ఇది స్థానం జారిన పెద్ద తప్పుల్ని పట్టేస్తుంది, చిన్నవాటిని పట్టదు. వాటికి రెండోది, కుడి నుంచి కూడటమే. మొత్తం చెప్పేశాక ఒకట్ల అంకెలు ఒక్కసారి కూడి చివరి అంకె చూసుకోండి, ఆరూ ఎనిమిదీ పద్నాలుగు, నాలుగు ఉంచుకుని పదిని వదిలేయండి, ఐదుతో తొమ్మిది, రెండుతో పదకొండు అంటే ఒకటి, నాలుగుతో ఐదు, ఏడుతో పన్నెండు అంటే రెండు, తొమ్మిదితో పదకొండు అంటే ఒకటి, మూడుతో నాలుగు. 3764 చివర నాలుగే ఉంది. చేతిలో ఏమీ మోయక్కర్లేదు కాబట్టి ఇది చాలా తొందరగా అయిపోతుంది. చివరి అంకె కలిసినంత మాత్రాన మొత్తం సరైనదని కాదు, వంద తేడా ఉన్నా చివరి అంకె మారదు, కానీ ఆ వంద సంగతి చాలాసార్లు పై హద్దులు చూసుకుంటాయి.

సాధన విషయానికొస్తే, మొదట్లో రెండు మూడంకెల సంఖ్యలతో, బయటికి పలుకుతూ చేయండి. 467, 767, 817, 825 అని మొత్తాలు మాత్రమే పలకాలి, "ఐదు వేస్తే", "ఒకటి చేతిలో" లాంటి మాటలు నోట్లోంచి రాకూడదు. ఆ మాట వచ్చిందంటే బుర్ర మళ్లీ కాగితం పద్ధతిలోకి వెళ్లిందని అర్థం. పాత అలవాటు బలంగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు ఎడమ నుంచి కూడటం నెమ్మదిగానే సాగుతుంది, ఆ కొన్నాళ్లలో గడియారం చూసుకోకండి. మీకు ఎక్కడ కష్టంగా ఉందో గమనిస్తే అది దాదాపు ఎప్పుడూ వంద దాటే చోటే, 767కి యాభై లాంటి చోట. దానికి విడిగా పదుల కూడికలు, అరవైకి యాభై, ఎనభైకి డెబ్భై, ఇవి ఆలోచించకుండా వచ్చేలా చేసుకోండి, మిగతాది దానంతటదే సర్దుకుంటుంది. ఇది కుదిరాక జాబితాలు మొదలుపెట్టండి. ప్రతి జాబితాకీ ముందే ఒక ప్రశ్న వేసుకోండి, ఇంతకి మించుతుందా లేదా అని, ఏ చుట్టులో తేలిందో అక్కడ ఆపేయండి.

సంతకం పెట్టి ఇచ్చే పత్రంలో రాసే కచ్చితమైన మొత్తానికి మాత్రం నేను ఈనాటికీ కాగితం మీద కుడి నుంచో, కాలిక్యులేటర్ మీదో కూడతాను, ఎడమ నుంచి మనసులో వేసిన మొత్తాన్ని దాని పక్కన పెట్టి చూస్తాను. కాలిక్యులేటర్‌లో ఒక సంఖ్యకి సున్నా ఎక్కువ కొట్టినా, ఒక వరస వదిలేసినా చూపించేది మనసులో వేసిన ఆ మొత్తమే. 3764 ఉండాల్సిన చోట తెర మీద 3397 కనిపిస్తే, ఆ తేడా 367 జాబితాలో ఉందేమోనని వెతకడం మొదలుపెడతాను, కనిపిస్తే మళ్లీ కొట్టి చూస్తాను, ఆ వరస వదిలేశానా లేక మరో అంకె తప్పు పడిందా అన్నది అప్పుడు తేలుతుంది.